గోరింటాకు తీసేసరికి క్యారెట్ రంగే వచ్చింది, ఇంకా పండుతుందా?

స్రవంతి
నిన్న మంగళవారం సాయంత్రం 6కి రెండు చేతులకీ, ముందూ వెనకా మెహందీ పెట్టుకున్నాను. పొడి తెచ్చి ఇంట్లోనే నిమ్మరసం, కొంచెం పంచదార వేసి కలిపి కోన్‌లో నింపాను. రాత్రి 10:30కి తీసేసి సబ్బుతో కడిగాను. ఈరోజు పొద్దున చూస్తే అరచేతిలో క్యారెట్ రంగు, చేతి వెనక ఇంకా లేత. శుక్రవారం సాయంత్రం ఫోటోలు దిగాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఇది ముదురుతుందా, లేక మళ్ళీ పెట్టుకోవాలా?

లావణ్య_క
నిమ్మరసం సరిపోలేదండీ. పులుపు ఎంత ఎక్కువైతే ఎరుపు అంత ఎక్కువ. ఇప్పుడైనా గంటకోసారి నిమ్మరసం, పంచదార కలిపి చేతులకి రాయండి, సాయంత్రానికి ఎర్రబడుతుంది.

కోన్ పద్మ
పదకొండేళ్ళుగా మెహందీ పెడుతున్నాను. స్రవంతి గారూ, తీయగానే నారింజ రంగు కనపడటం తప్పు కాదు, అసలైన గోరింటాకు మొదలయ్యేదే అక్కడ. ఆకులోని రంగు చర్మం పైన ఉండే మృతకణాల పొరలోకి దిగి, అక్కడి ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. ఆ తర్వాత గాలి తగిలి నెమ్మదిగా ముదురుతుంది. మొదటి రోజు నారింజ, మర్నాటికి ఇటుక రంగు, 48 గంటలు దాటాక గోధుమ రంగు. మీవి ఇంకా 12 గంటలు కూడా కాలేదు.

లావణ్య గారూ, నిమ్మరసం పని ముద్దలోనే. పొడిలోంచి రంగు మెల్లగా విడుదల కావడానికి ఆ పులుపు సాయపడుతుంది. పంచదారతో కలిపి ఆరిన ముద్ద మీద అద్దితే అది రాలకుండా, తడిగా చర్మానికి అంటుకుని ఉంటుంది. ముద్ద తీసేశాక చేతికి రాస్తే కొత్తగా లోపలికి వెళ్ళే రంగేమీ ఉండదు. పైగా చర్మం ఎండిపోతుంది.

స్రవంతి గారూ, కలిపాక ఎంతసేపటికి కోన్ నింపారు?

స్రవంతి
రెండు గంటలకే అండీ. ఎక్కువసేపు ఉంచితే పాడవుతుందేమో అనుకున్నాను.

కోన్ పద్మ
అసలు సంగతి అదే. నిమ్మరసంతో కలిపిన ముద్దకి మామూలు గది వేడిలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కావాలి. వాతావరణం వేడిగా ఉంటే త్వరగా, చల్లగా ఉంటే ఇంకా ఆలస్యంగా అవుతుంది. సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. చుక్క ముద్ద అరచేతిలో పెట్టి, ఐదు నిమిషాలాగి తుడవండి. స్పష్టంగా నారింజ మచ్చ మిగిలితే సిద్ధం, పసుపు నీడలా ఉంటే ఆగాలి. గిన్నెలో చూసినా తెలుస్తుంది: పైపొర గోధుమ రంగుకి తిరుగుతుంది, గరిటతో కదిపితే లోపల పచ్చగానే ఉంటుంది. మరీ ఆలస్యం చేసినా నష్టమే, బయట రెండు మూడు రోజులుంటే రంగు చచ్చిపోతుంది. మిగిలింది ఫ్రీజర్‌లో పెట్టాలి.

వాణి
నేను ఒకే కోన్‌తో రెండు చేతులకీ పెట్టుకుని పరీక్షించాను. ఎడమ చేతిది రెండు గంటలకే గీకేశాను. కుడి చేతికి నిమ్మ పంచదార అద్ది, టిష్యూ చుట్టి ఎనిమిది గంటలు ఉంచాను. తీసినప్పుడు రెండూ నారింజే, ఎడమది కాస్త పసుపు కలిసినట్టుంది. తేడా అంతే! కానీ రెండో రోజు రాత్రికి కుడి అరచేయి కాఫీ రంగుకి వచ్చేసింది, ఎడమది ఇటుక రంగు దగ్గరే ఆగిపోయింది, ఆ తర్వాత కదల్లేదు. కాబట్టి తీసిన వెంటనే కనపడే రంగు చూసి ఏదీ తేల్చుకోకూడదు. ఎంతవరకు ముదురుతుందో లోపలికి దిగిన రంగుని బట్టే.

ఇంకొకటి కూడా గమనించాను. ఎనిమిది గంటలు ఉంచిన కుడి చేతిలోనే వెనక వైపు ఇటుక రంగు దాటలేదు.

కోన్ పద్మ
వాణి గారు చక్కగా గమనించారు. అరచేతిలో, అరికాళ్ళలో పైపొర మందం, రంగు నిలిచే చోటు ఎక్కువ. చేతి వెనక పలచన, మోచేతి పైకి వెళ్ళేకొద్దీ ఇంకా లేత. డిజైన్ వెనక కూడా ముందంత ముదురుగా రావాలని ఆశపడకండి. నన్ను ఎక్కువమంది అడిగేది, నిరాశపడేది దీని గురించే.

రాజశేఖర్
నేను తలకి పెట్టుకుంటే తెల్ల వెంట్రుకలు నిమ్మపండు రంగులో మెరిశాయి. నాకూ రెండు రోజుల్లో నల్లబడుతుందా?

కోన్ పద్మ
ఇక్కడ అడిగింది చేతుల గురించండీ. జుట్టులోనూ రెండు మూడు రోజుల్లో కాస్త ముదిరి రాగి రంగులో కుదురుకుంటుంది, కానీ ఒక్క గోరింటాకుతో నల్లబడదు.

హిమజ
అరగంటలో నల్లగా పండే కోన్లు దొరుకుతున్నాయి కదా, శుక్రవారానికి అవి వాడొచ్చుగా?

వాణి
దయచేసి వద్దు. మా చెల్లెలికి అలాంటి కోన్ పెడితే రెండో రోజుకి గీత గీతంతా దురద పుట్టి, డిజైన్ ఆకారంలోనే పొక్కులు లేచాయి. డాక్టర్ పారాఫెనిలిన్‌డయమిన్ అనే హెయిర్ డై రసాయనం కలిపి ఉంటారని చెప్పారు. ఇక హెయిర్ డై కూడా వాడొద్దన్నారు. ఆకుతో చేసిన ముద్ద ఏదైనా తీయగానే నలుపు చూపించదు. చూపిస్తే అనుమానించాలి.

భాగ్య
పండిన చేతికి కొంచెం సున్నం రుద్దితే వెంటనే ముదురుతుంది. నేను చాలాసార్లు చేశాను, ఏమీ కాలేదు.

కోన్ పద్మ
సున్నానికి క్షారగుణం ఉంది, అందుకే రంగు గబుక్కున మారుతుంది, మీరు చూసింది నిజమే. కానీ చర్మం కాలే ప్రమాదం ఉంది. నేనైతే ఎవరికీ చెప్పను. ఎలాగూ రెండు రోజుల్లో అదే ముదురుతుంది.

భాగ్య
జాగ్రత్తగా, చిటికెడు రాస్తే కాలదండీ. నా అనుభవం చెప్పాను. మరి ఒంట్లో వేడి ఉన్నవాళ్ళకి బాగా పండుతుందనేది కూడా కాదంటారా?

కోన్ పద్మ
చేతులు వెచ్చగా ఉంటే బాగా పట్టడం నిజం. చల్లటి చేతులతో కూర్చున్నవాళ్ళకి లేతగా వస్తుంటే చూశాను. అదే మనిషి వెచ్చటి గదిలో పెట్టుకుంటే తేడా కనిపిస్తుంది. ఒంటి తత్వమే కారణమని మాత్రం నేను ఒప్పుకోను.

స్రవంతి గారూ, ఇప్పుడు మీరు చేయాల్సింది ఇది. ఈరోజంతా వీలైనంతవరకు చేతులు నీళ్ళలో నానబెట్టకండి, స్క్రబ్బర్ పట్టుకోకండి. తప్పనిసరైతే ముందు కాస్త నూనె రాసుకుని కడగండి. ఈసారి తీసేటప్పుడు కడగకుండా, చాకు మొద్దు వైపుతో గీకి రాల్చేయండి. మళ్ళీ పెట్టుకోవాలంటే ఈ రాత్రే పెట్టుకోండి, అదే ముద్ద సరిపోతుంది. ఇప్పటికి రంగు బాగా దిగి ఉంటుంది. గురువారం రాత్రి పెడితే కొత్త పొర మళ్ళీ నారింజతో మొదలవుతుంది, ఫోటోల్లో అదే కనపడుతుంది.

స్రవంతి
మిగిలిన ముద్ద బయటే ఉంది. మీరు చెప్పినట్టు చుక్క పెట్టి చూశాను, మచ్చ గట్టిగానే వచ్చింది. ఈ రాత్రి ఎడమ చేతి వెనక గీతల మీదే మళ్ళీ గీసి, తెల్లారేదాకా ఉంచుతాను. కుడి చేతిని ముట్టుకోను, తేడా చూడాలని ఉంది.

స్రవంతి
శుక్రవారం మధ్యాహ్నం చెప్తున్నాను. అరచేతులు రెండూ ఎరుపు కలిసిన గోధుమ రంగుకి వచ్చాయి, క్యారెట్ ఛాయ పోయింది. కుడి చేతి వెనక ఇంకా నారింజ వైపే ఉంది. ఎడమది ఇటుక రంగు, పక్కపక్కన పెడితే బాగా తెలుస్తోంది. కానీ మణికట్టు దగ్గర రెండో పూతలోనూ లేతగానే ఉంది. గాజులు రాసుకుని ముద్ద ముందే రాలిందా, లేక అక్కడి చర్మమే అంతా?

వాణి
నాకూ మణికట్టు దగ్గర ఎప్పుడూ అంతే, గాజులు వేసుకోకపోయినా.