గోదాము బిల్లులో 65 ప్యాలెట్లు ఎలా వచ్చాయి?

గుంటూరులో మాది చిన్న పచ్చళ్ల వ్యాపారం. సరుకు నిల్వ, రవాణా ఒక లాజిస్టిక్స్ సంస్థకు అప్పగించాం. సెప్టెంబరు బిల్లులో 'నిల్వ: 65 ప్యాలెట్లు, ఒక్కోదానికి 350, మొత్తం 22,750' అని ఉంది.

మా లెక్క ఇది. ఒకటో తేదీకి 40 ప్యాలెట్లు ఉన్నాయి. పదో తేదీ ఉదయం 30 వెళ్లిపోయాయి, 18న కొత్తగా 25 వచ్చాయి. ఏ రోజూ గోదాములో 40కి మించి లేవు. రోజువారీ నిల్వలు కూడి 30తో భాగిస్తే సగటు 30 లోపే, అంటే సుమారు 10,500 రూపాయలు. వాళ్లు తొలి నిల్వకు కొత్త రాకను కలిపి, అన్నిటికీ నెలంతా అద్దె వేసినట్టున్నారు. అదే పద్ధతి అనుకున్నా, పదిహేను తర్వాత వచ్చినవాటికి సగం నెలే వేయడం చాలాచోట్ల ఉంది కదా? ఒప్పందంలో 'ప్యాలెట్‌కు నెలకు 350' అన్న ముక్క తప్ప లెక్కించే విధానం లేదు.

ఇక 'ఇతర హ్యాండ్లింగ్ 4,200' అని మరో వరుస. దింపుడు, ఎక్కింపు కూలి విడిగా వేశాక ఇదేమిటో! పరిమాణం లేదు, తేదీ లేదు. ఫోనులో అడిగితే 'సిస్టమ్ అలా తీసుకుంటుందండీ' అంటున్నారు.

రోజువారీ నిల్వ పట్టిక, సరుకు అందిన రశీదులు అడుగుదామనుకుంటున్నాను. ఇంకేం అడగాలి? వివాదం లేని మొత్తం ముందు కట్టేసి మిగతాది ఆపవచ్చా? సరుకు వాళ్ల దగ్గరే ఉంది, బాకీ పేరుతో ఆపేస్తారేమోనని భయం. అనుభవం ఉన్నవారు చెప్పండి.