అప్‌డేట్: బొబ్బట్లలో బెల్లం, నెయ్యి లెక్క

ఇంతకుముందు నేను అడిగింది: "పది బొబ్బట్లకి 200 గ్రాముల పంచదార బదులు బెల్లం, 30 గ్రాముల సన్‌ఫ్లవర్ నూనె బదులు నెయ్యి వేస్తే మాక్రోలు, అంటే కార్బోహైడ్రేట్లు, ప్రోటీన్, కొవ్వు, ఎంత మారతాయి?"

మీరందరూ చెప్పినట్టే కాటా మీద తూచి లెక్కేశాను. పంచదార మొత్తం కార్బే. బెల్లంలో తేమ ఉంటుంది కాబట్టి నూటికి సుమారు 85 గ్రాములే. అంటే 200కి 170, బొబ్బట్టుకి 3 గ్రాములు తగ్గాయి. కానీ కోనసీమ ఇళ్లలో తినే తీపి రావాలంటే 235 గ్రాముల బెల్లం పట్టింది. దాంతో కార్బ్ మళ్లీ 200కే వచ్చింది! కప్పుతో కొలిస్తే ఈ తేడా కనిపించదు, దంచిన బెల్లం ఒకసారి వదులుగా, ఒకసారి అదిమినట్టు పడుతుంది.

బెల్లం కరిగి పూర్ణం జారితే దగ్గరపడేదాకా ఉడికించండి. పోయేది నీరే, మాక్రోలు కావు. అందుకే దింపాక బరువు తూచి పదితో భాగించాలి.

30 గ్రాముల నెయ్యికి కేలరీలు దాదాపు నూనెకి ఉన్నన్నే, 270. శాచురేటెడ్ కొవ్వు మాత్రం 3 గ్రాముల నుంచి 18కి పెరుగుతుంది.