బాకీ గుర్తుచేసే ఈమెయిళ్లలో కరుకుదనం తగ్గించడం ఎలా?

వాపసు చేసిన సరుకుకు మాకు రావలసిన సొమ్ము గురించి, గడువు దాటిన వెండర్లందరికీ మెయిల్ మర్జ్ ద్వారా ఒకే ఈమెయిల్ పంపుతున్నాము. “మీరు ఇంతవరకు చెల్లించలేదు” అన్న మొదటి వాక్యం, వారమే ఆలస్యమైన వారినీ రెండు నెలలు దాటిన వారినీ ఒకే గాటన కట్టడంతో కొందరు నొచ్చుకున్నారు. దానిని “వీలు చూసుకొని చెల్లించగలరు” అని మార్చి, గడువు తేదీని చివరి పేరాకు జరిపితే జవాబులే ఆగిపోయాయి. వీలు చూసుకొమ్మంటే తొందర ఎవరికుంటుంది!

ఇప్పుడు జాబితాను ఆలస్యాన్ని బట్టి రెండుగా విడగొట్టి, డెబిట్ నోట్ సంఖ్య, మొత్తం, గడువు తేదీలతో మొదలుపెట్టి, “శుక్రవారంలోగా చెల్లింపు తేదీ తెలుపగలరు” అని రాస్తున్నాము. అయితే రెండు నెలలు దాటిన వారికి రాసే “లేనిపక్షంలో మీ తదుపరి బిల్లులో ఈ మొత్తాన్ని మినహాయిస్తాము” అన్న వాక్యం ఎంత మార్చినా బెదిరింపులాగే ధ్వనిస్తోంది. మినహాయింపు తప్పదని స్పష్టంగా తెలిసేలా, ఆ ఒక్క వాక్యాన్ని మర్యాదగా ఎలా రాయాలి?