అప్‌డేట్: లోన్ షీట్ లెక్క బ్యాంకుతో కలిసింది

నేను అడిగింది: "హోమ్ లోన్‌లో మధ్యమధ్యలో అదనంగా కడుతున్నాను, వడ్డీ రేటు కూడా మారుతోంది. నా షీట్‌లో వడ్డీ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో ఎందుకు కలవడం లేదు?"

తప్పు దొరికింది. నెలకో వరుస పెట్టి, రేటును 12తో భాగించాను. మా బ్యాంకు మాత్రం రోజువారీ బాకీ మీద లెక్కిస్తుంది. ఏప్రిల్ 1న బాకీ 20 లక్షలు, రేటు 9 శాతం. 11న 2 లక్షలు కట్టాను. నా షీట్ 15,000 చూపింది, స్టేట్‌మెంట్‌లో 13,808. నాలుగు నెలలుగా ఇదే టెన్షన్!

ఇప్పుడు నెలకు కాదు, మార్పు జరిగిన ప్రతి తేదీకీ, తర్వాతి నెల 1వ తేదీకీ ఒక్కో వరుస. A తేదీ, B ఆ రోజు కట్టాక మిగిలిన బాకీ, C రేటు, 9% అని శాతం గుర్తుతో. వడ్డీ D2లో:

```
=ROUND(B2*C2*(A3-A2)/365,2)
```

మొదటి 10 రోజులకు 4,931.51, తర్వాతి 20 రోజులకు 8,876.71. మొత్తం 13,808.22. సరిగ్గా కలిసింది, ఎంత హాయిగా అనిపించిందో!

నెల మధ్యలో రేటు మారితే బాకీ అలాగే ఉంచి, కొత్త రేటుతో ఇంకో వరుస చేరుస్తాను. ఒక్క జాగ్రత్త: వడ్డీని ప్రతి వరుసలో బాకీకి కలపకూడదు, చక్రవడ్డీ అయిపోతుంది. మా బ్యాంకు నెలాఖరున ఒకేసారి కలుపుతుంది, నేనూ అప్పుడే కలుపుతున్నాను.