రేఖాచిత్రాల తనిఖీ పట్టిక: అన్నిటికీ టిక్కు పడినా చిత్రం తప్పే

గీతల మాధవ్: మా బృందంలో గీసే ప్రతి రేఖాచిత్రానికీ 22 అంశాల తనిఖీ పట్టిక పెట్టాను. శీర్షిక ఉందా, గుర్తుల వివరణ ఉందా, బాణాలకు పేర్లున్నాయా, అన్నీ వచ్చాయా... ఇలా. అన్నిటికీ టిక్కు పడిన చిత్రమే మొన్న మమ్మల్ని ముంచింది. ఇంకా ఏమి చేర్చాలి?

శేషు: ముంచిందంటే ఏమి జరిగిందో ముందు చెప్పండి.

గీతల మాధవ్: డేటాబేస్ నుంచి రిపోర్టు సర్వర్‌కు బాణం, దాని మీద "సమాచారం" అని పేరు. నెట్‌వర్క్ చూసే ఆయన బాణం వైపే ఫైర్‌వాల్ తెరిచారు. నిజానికి రాత్రి 2 గంటలకు రిపోర్టు సర్వరే డేటాబేస్‌ను అడుగుతుంది. ఆ దారి మూసే ఉంది.

వర్ణలేఖ: రంగులు వాడితే ఈ గొడవే ఉండదు. నీలం బాణం సమాచారానికి, ఎరుపు బాణం పిలుపుకు.

శేషు: నలుపు తెలుపులో ముద్రిస్తే రెండూ ఒకటే. అయినా రెండు రకాల బాణాలు ఉండాలన్న మాట నిజమే. ఇక్కడ గీసినవారి దృష్టిలో బాణం సమాచారం వెళ్లే దిక్కు, చదివినవారికి అది ఎవరు ఎవరిని పిలుస్తారన్నది. "పేరు ఉందా" అని అడిగితే "సమాచారం" అన్న ఒక్క మాటతో గట్టెక్కేస్తుంది. గీయనివారొకరు ప్రతి బాణాన్నీ వాక్యంగా పైకి చదవాలి: "రిపోర్టు సర్వర్ డేటాబేస్‌ను అమ్మకాల లెక్క అడుగుతుంది". అలా చదవలేకపోతే తిప్పి పంపండి.

కిరణ్7: తిప్పి పంపడమా! అక్షరాలు చిన్నవని నా చిత్రాన్ని మూడుసార్లు తిప్పి పంపారు. "కాదు" అన్న దారి లేని నిర్ణయపు గడి ఒకటి అందులోనే ఉంది, ఎవరూ చూడలేదు.

శేషు: "అన్నీ వచ్చాయా" అని అడిగితే ఎవరికీ కనిపించదు. ప్రతి నిర్ణయపు గడి నుంచి ఎన్ని దారులు బయటికి వెళ్తున్నాయో లెక్కపెట్టమంటే కనిపిస్తుంది. అసలు "అన్నీ వచ్చాయా" అన్న ప్రశ్నే సగం. చిత్రం ఎవరి కోసం, చూసి వాళ్లు ఏమి తేల్చుకోవాలి? ఫైర్‌వాల్ తెరవడానికైతే పోర్టు సంఖ్య లేని బాణం అసంపూర్ణం. కొత్తవారికి పరిచయానికైతే ఆ సంఖ్య అడ్డం.

వర్ణలేఖ: అలాగైతే పట్టిక ఎందుకు? చిత్రానికొక పట్టిక రాసుకుంటూ కూర్చోవాలా?

శేషు: అది ఎవరి కోసమో, ఎందుకో చిత్రం మీదే ఒక వాక్యం రాయమంటున్నాను. మీరు మళ్లీ రంగుల దగ్గరే ఆగారు.

వర్ణలేఖ: వెటకారం వద్దు. సమీక్షించే వారికి రోజుకు పది చిత్రాలు వస్తాయి. పైకి చదువుతూ కూర్చుంటే పని ఎప్పుడు అవుతుంది?

గీతల మాధవ్: నిజం చెప్పేస్తాను. ఆ చిత్రం మీద సంతకం నాదే. పట్టిక ఉంటే "నేను చూశాను" అని చూపించుకోవచ్చని పెట్టాను.

కిరణ్7: అదే నా కోపం. 22 టిక్కులూ మీ కోసం, తిప్పలు మాకు.

శేషు: అయితే పట్టికను సంతకానికి ముందు గీసేవారి చేతికే ఇవ్వండి. ఒక హెచ్చరిక: చిత్రంలో రాసిన సర్వర్ పేరు నిజమో కాదో ఆ చిత్రంలోనే వెతికితే దొరకదు. నడుస్తున్న సర్వర్ల జాబితా పక్కన పెట్టుకుని పోల్చాలి.

వర్ణలేఖ: ఆ జాబితా సరైనదని ఎవరు చూస్తారు?