కంపెనీ తన షేర్లు తానే కొంటే ఆస్తుల్లో ఎందుకు పెట్టకూడదు? క్లయింటుకు ఏమని చెప్పాలి?

లెడ్జర్_లక్ష్మి
హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్ల పుస్తకాలు రాసే ఉద్యోగం నాది. ఒక చిన్న కంపెనీ, డెలావేర్‌లో రిజిస్టరైంది. వాటాదారుల్లో ఒకాయన రిటైర్ అవుతుంటే ఆయన 1,000 షేర్లను కంపెనీయే ఒక్కోటి 40 డాలర్లకు కొనేసింది. నాకంటే ముందు చూసినవాళ్లు ఆ 40,000 డాలర్లను ఇన్వెస్ట్‌మెంట్స్‌లో పెట్టారు. రివ్యూలో దాన్ని ఈక్విటీలో మైనస్‌గా చూపించమన్నారు, మార్చాను. ఇప్పుడు ఓనర్ ఒకటే గొడవ. "డబ్బు పోసి కొన్నాను, రేపు ఇంకొకరికి అమ్ముకోగలను, ఆస్తి కాదంటారేంటి?" అని. కొనకముందు లెక్క ఇది: 10,000 షేర్ల మీద షేర్ క్యాపిటల్ 10,000, ప్రీమియం 90,000, రిటైన్డ్ ఎర్నింగ్స్ 1,50,000. మొత్తం 2,50,000. "రూల్ అంతే సార్" అంటే ఆయన వినేలా లేరు.

నెల్లూరు_సుబ్బు
ఇందులో ఏముందండీ, బైబ్యాక్ చేసిన షేర్లు రద్దయిపోతాయి. మన కంపెనీల చట్టం 68వ సెక్షన్ ప్రకారం బైబ్యాక్ పూర్తయిన 7 రోజుల్లో వాటిని లేకుండా చేసేయాలి. లేని వస్తువు ఆస్తి ఎలా అవుతుంది? షేర్ క్యాపిటల్ డెబిట్ చేసేయండి.

న్యూజెర్సీ_ఆడిటర్
సుబ్బు గారూ, ఇండియా వరకు మీరన్నది నిజమే. కానీ డెలావేర్‌లో రద్దు చేయాల్సిన పని లేదు. కంపెనీ వాటిని ఎన్నేళ్లయినా అట్టే పెట్టుకుని మళ్లీ అమ్ముకోవచ్చు. ట్రెజరీ షేర్లంటే అవే. అలా అట్టే పెట్టుకున్నా అవి ఆస్తి కావు. అంటే అసలు కారణం రద్దు కాదన్నమాట.

లక్ష్మి గారూ, మీ క్లయింటును ఒక్క ప్రశ్న అడగండి. చార్టర్ ప్రకారం ఆ కంపెనీ ఇంకా జారీ చేయని షేర్లు కూడా ఉండే ఉంటాయి. వాటినీ రేపు అమ్ముకోవచ్చు, డబ్బూ వస్తుంది. మరి వాటిని ఆస్తుల్లో చూపిస్తున్నారా? లేదు కదా. కొన్న షేర్లు కూడా ఇప్పుడు అదే స్థితిలో ఉన్నాయి. ఓటు లేదు, డివిడెండ్ రాదు. రేపు కంపెనీ మూసేస్తే మెషిన్లు అమ్ముతారు, బ్యాంకులో డబ్బు పంచుతారు. ఆ 1,000 షేర్ల మీద ఎవరి దగ్గర ఏం వసూలు చేస్తారు? మనం రాసిచ్చిన ప్రామిసరీ నోటు తిరిగి మన బీరువాలోకే వచ్చినట్టు. మన మీద ఉన్న హక్కు తీరింది, అంతే. 40,000 నగదు మాత్రం నిజంగానే ఒక వాటాదారుడి చేతికి వెళ్లిపోయింది.

ట్రయల్_బ్యాలెన్స్
నేను చదివిన పాత అమెరికన్ పుస్తకంలో కొన్ని సందర్భాల్లో ఆస్తిగా చూపించొచ్చని ఉంది. మరీ అంత కచ్చితంగా చెప్పేస్తున్నారేమో.

న్యూజెర్సీ_ఆడిటర్
మీరు చదివింది కరెక్టే. 1953 నాటి అమెరికా అకౌంటింగ్ బులెటిన్ ఏఆర్‌బీ 43లో, వివరంగా చెప్పగలిగితే కొన్ని పరిస్థితుల్లో ఆస్తిగా చూపించొచ్చని ఉంది. కానీ అదే వాక్యంలో ఆ షేర్ల మీద డివిడెండును ఆదాయంగా చూపకూడదనీ ఉంది. ఆస్తేమో అంటారు, దాని రాబడి మాత్రం ఆదాయం కాదంటారు. అప్పట్లో వాళ్లకే నమ్మకం లేదనిపిస్తుంది నాకు. ఈ రోజు మామూలు బ్యాలెన్స్ షీట్‌లో ఆ దారి పట్టేవాళ్లు నాకైతే తగల్లేదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 32, మన ఇండ్ ఏఎస్ 32 అయితే ఈక్విటీలోంచి తీసేయమని సూటిగానే చెప్తాయి.

గోదావరి_ఇన్వెస్టర్
నాదీ ఇదే సమస్య అన్నా. ఒక ఐటీ కంపెనీ బైబ్యాక్‌లో నేను ఇచ్చిన షేర్లలో కొన్నే తీసుకున్నారు, మిగతావి డీమ్యాట్‌కి తిరిగొచ్చాయి. కంపెనీ ఈక్విటీ తగ్గిందంటే నా దగ్గర మిగిలినవాటి విలువ పడిపోయినట్టేనా?

న్యూజెర్సీ_ఆడిటర్
మీది వేరే విషయం తమ్ముడూ. మార్కెట్ ధర సంగతి నన్నడగొద్దు. పుస్తక విలువ వరకైతే లక్ష్మి గారి అంకెలతోనే చెప్తాను. కొనకముందు 2,50,000 డాలర్లకు 10,000 షేర్లు, ఒక్కోటి 25. కొన్నాక 2,10,000కి 9,000 షేర్లు, ఒక్కోటి 23.33. పుస్తక విలువ కన్నా ఎక్కువ పెట్టి కొన్నారు కాబట్టి తగ్గింది. అదే 20 డాలర్లకు కొని ఉంటే 25.56కి పెరిగేది.

లెడ్జర్_లక్ష్మి
జారీ చేయని షేర్ల పాయింటు పనిచేసింది సార్! కానీ వెంటనే ఇంకోటి పట్టుకున్నారు. ఎక్కువ ధరకు అమ్మితే ఆ లాభమైనా తనదే కదా అంటున్నారు.

న్యూజెర్సీ_ఆడిటర్
డబ్బు కంపెనీదే, లాభం మాత్రం కాదు. 600 షేర్లు 45కి అమ్మారనుకోండి:

```
క్యాష్                      డెబిట్   27,000
  ట్రెజరీ స్టాక్ (600 x 40)   క్రెడిట్  24,000
  ట్రెజరీ స్టాక్ ప్రీమియం     క్రెడిట్   3,000
```

ఆ 3,000 లాభనష్టాల ఖాతా మొహం చూడదు. తర్వాత మిగతా 400 షేర్లు 34కే పోయాయనుకోండి. 2,400 తరుగు. అదీ ఖర్చు కాదు, ఆ 3,000లోంచే తగ్గుతుంది, 600 మిగులుతుంది. ప్రీమియం చాలకపోతే రిటైన్డ్ ఎర్నింగ్స్‌లోంచి పోతుంది. అంటే ఈ వ్యవహారంలో రిటైన్డ్ ఎర్నింగ్స్ తగ్గొచ్చు గానీ ఎప్పటికీ పెరగదు. ట్యాక్స్‌లోనూ అంతే, అమెరికా పన్ను చట్టం 1032వ సెక్షన్ ప్రకారం సొంత షేర్ల మీద కంపెనీకి లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఇంకో రెండు చోట్ల చూసుకోండి. క్యాష్ ఫ్లోలో ఆ 40,000 ఇంకా ఇన్వెస్టింగ్‌లోనే ఉందేమో. ఫైనాన్సింగ్‌లోకి రావాలి. కంపెనీ ట్యాక్స్ రిటర్న్ ఫారం 1120లో, బ్యాలెన్స్ షీట్ ఉండే షెడ్యూల్ ఎల్‌లో 27వ లైన్ `Less cost of treasury stock` అని ఉంటుంది, అక్కడ 40,000 పడాలి. ఆ లైన్ ఖాళీగా ఉంటే పాత ఎంట్రీ ఎక్కడో మిగిలిపోయినట్టే.

బర్గర్_బుక్‌కీపర్
మీ ఓనర్‌కి మెక్‌డొనాల్డ్స్ 2022 బ్యాలెన్స్ షీట్ చూపించండి మేడమ్. రిటైన్డ్ ఎర్నింగ్స్ దాదాపు 5,950 కోట్ల డాలర్లు. ట్రెజరీ షేర్లు దాదాపు 7,160 కోట్లు, మైనస్. మిగతావి కూడా కలిపితే ఈక్విటీ మైనస్ 600 కోట్లు. లాభాలు బ్రహ్మాండంగా వస్తున్నా ఈక్విటీ మైనస్సే. ఆ 7,160 కోట్లను ఆస్తిగా చూపిస్తే ఒక్క గీతతో పరిస్థితి తారుమారు అయిపోతుంది. వద్దనేది అందుకే.

ట్రయల్_బ్యాలెన్స్
అన్ని రాష్ట్రాల్లోనూ ఇంతేనా?

న్యూజెర్సీ_ఆడిటర్
కాదు. కాలిఫోర్నియా చట్టంలో కొన్న షేర్లు మామూలుగా జారీ కాని షేర్లయిపోతాయి. అక్కడి కంపెనీ అయిన ఆపిల్ బ్యాలెన్స్ షీట్‌లో ట్రెజరీ స్టాక్ అనే లైనే కనపడదు. అందుకే ముందు ఎక్కడ రిజిస్టరైందో చూడాలి.

నెల్లూరు_సుబ్బు
మన దగ్గరా ట్రెజరీ షేర్లనే లైన్ ఉంటుంది లెండి. డాక్టర్ రెడ్డీస్ కన్సాలిడేటెడ్ లెక్కల్లో చూశాను, ఉద్యోగుల స్టాక్ ఆప్షన్ల ట్రస్టు చేతిలో ఉన్న షేర్లు. ఆ ట్రస్టుకు కంపెనీ ఇచ్చిన అప్పును స్టాండలోన్ లెక్కల్లో ఆస్తిగా చూపాలా, ట్రస్టును కంపెనీలో భాగంగానే చూసి ఈక్విటీలో తగ్గించాలా?

న్యూజెర్సీ_ఆడిటర్
రెండు పద్ధతులూ నడుస్తున్నాయి. నాకు తగ్గించడమే సబబనిపిస్తుంది. ట్రస్టు ఆ అప్పు తీర్చేది మన షేర్లు అమ్మే కదా. కానీ వేరే చట్టబద్ధ సంస్థ కాబట్టి అప్పు అప్పే అనేవాళ్ల వాదననూ కొట్టిపారేయలేను.

లెడ్జర్_లక్ష్మి
ఓనర్ ఒప్పుకున్నారు, కానీ కొత్త టెన్షన్ వచ్చింది. బ్యాంకు లోన్ షరతుల్లో నెట్‌వర్త్ 2,25,000 కన్నా తగ్గకూడదని ఉందట. మనది ఇప్పుడు 2,10,000. ఆయన ఇంత పట్టుపట్టింది ఇందుకన్నమాట.

న్యూజెర్సీ_ఆడిటర్
అయితే ఎంట్రీ మార్చమని మళ్లీ అడుగుతారు, మార్చకండి. లోన్ అగ్రిమెంటులో నెట్‌వర్త్‌కు వాళ్లు ఇచ్చిన నిర్వచనం చదవండి. అందులో మినహాయింపు లేకపోతే బ్యాంకుకు ముందే రాసి వెయివర్ అడగమనండి. అసలు వాటాలు కొనడానికే బ్యాంకు అనుమతి కావాలని షరతు ఉందేమో అదీ చూడండి. చిన్న లోన్లలో కూడా తరచూ ఉంటుంది.