అడ్వాన్స్ తిరిగి చెల్లింపు: జీతంలో కోత ఎన్ని నెలలకు అడగాలి?

ప్రశ్న అడిగిన సభ్యురాలు

కంపెనీ నుంచి 50,000 అడ్వాన్స్ తీసుకున్నాను. దాన్ని నెలనెలా జీతంలోంచి సమాన వాయిదాల్లో పట్టుకోమని దరఖాస్తు ఇవ్వాలి, నెలల సంఖ్య నన్నే రాయమన్నారు. చేతికొచ్చే జీతం దాదాపు 28,000. ఆరు నెలలని రాస్తే మంచి అభిప్రాయం ఉంటుందని మా మేనేజర్ గారు అంటున్నారు, నాకేమో పన్నెండు అడగాలని ఉంది. ఎన్ని రాయడం సబబు?

ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన సభ్యుడు

ఆరు నెలలు మీకు కష్టమే, కానీ పన్నెండు కూడా అడగకండి, పది రాయండి. నెలకు సరిగ్గా 5,000 పడుతుంది, లెక్కలో చిల్లర మిగలదు. మంజూరు చేసేవారు ముందుగా చూసేది ఈ డబ్బు ఎంతకాలం బయట ఉంటుందన్నదే. గడువు పెరిగేకొద్దీ, ఈలోగా ఉద్యోగి మానేస్తే మిగిలిన బాకీ ఎలా వసూలు చేయాలన్న సందేహం వారికి బలపడుతుంది. పైగా మరో అవసరం వచ్చి ఇంకో అడ్వాన్స్ అడగవలసి వస్తే, పాతది తీరకుండా కొత్తది ఇవ్వడానికి చాలా చోట్ల ఒప్పుకోరు. త్వరగా తీర్చేయడం మీకే మేలు.

పేరోల్ చూసే సభ్యురాలు

పై సభ్యుడు చెప్పిన రెండు కారణాలూ నిజమే, కానీ పది అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? భాగాహారం తేలికగా ఉందని నెలలు నిర్ణయించకూడదు, వాయిదా కట్టాక ఇల్లు గడుస్తుందా అన్నదే చూడాలి. ప్రశ్న అడిగినవారు దయచేసి రెండు విషయాలు చెప్పండి. గత కొన్ని నెలల జీతం స్లిప్పుల్లో అన్నిటికంటే తక్కువగా చేతికొచ్చిన మొత్తం ఎంత? తప్పించుకోలేని నెల ఖర్చు, అంటే అద్దె, ఇప్పటికే ఉన్న అప్పుల వాయిదాలు, ఇంటి ఖర్చు అన్నీ కలిపి ఎంత?

మరో సభ్యుడు

నాకు జరిగింది చెబుతాను, జాగ్రత్తపడండి. ఒక కంపెనీలో పని మీద ప్రయాణానికి అడ్వాన్స్ తీసుకున్నాను. బిల్లులు ఇవ్వడం ఆలస్యమైందని మొత్తాన్ని ఒకే నెల జీతంలోంచి పట్టేసుకున్నారు, నెలలు అడిగే అవకాశమే ఇవ్వలేదు. మీరు కూడా బిల్లులన్నీ వెంటనే సమర్పించండి.

పేరోల్ చూసే సభ్యురాలు

అది వేరే విషయమండీ. మీరు తీసుకున్నది కంపెనీ పని కోసం ఇచ్చిన డబ్బు, దానికి లెక్క చెప్పాలి. ఈవిడ తీసుకున్నది సొంత అవసరానికి, దీనికి బిల్లులతో పని లేదు. అయితే మీ అనుభవం ఒక సంగతి గుర్తు చేస్తోంది. దరఖాస్తులో ఇది ఏ అడ్వాన్సో, ఏ తేదీన మంజూరైందో రాయకపోతే, అకౌంట్స్ వారు దీన్ని పని అడ్వాన్సుల ఖాతాలో చూపి ఒకేసారి కోసేసే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

స్లిప్పులు తీసి చూశాను. ఓవర్‌టైమ్ లేని నెలలో 27,200 మాత్రమే వచ్చింది. తప్పనిసరి ఖర్చు 22,500.

పేరోల్ చూసే సభ్యురాలు

అయితే ఓవర్‌టైమ్ లేని నెలలో మీకు మిగిలేది 4,700. పది నెలల వాయిదా 5,000 కనుక ఆ నెలలో 300 లోటు పడుతుంది. ఓవర్‌టైమ్ ఉన్న నెలలో సరిపోతుంది గానీ, రాని డబ్బును నమ్ముకుని మాట ఇవ్వకూడదు. పన్నెండు నెలలైతే వాయిదా దాదాపు 4,167, ఎంత తక్కువ వచ్చిన నెలలోనైనా 533 మిగులుతుంది. మీ లెక్క ప్రకారం పన్నెండే సరి.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. 4,167ను పన్నెండుసార్లు పడితే 50,004 అవుతుంది, నాలుగు ఎక్కువ. అందుకే పదకొండు నెలలు 4,167, చివరి నెల 4,163 అని విడిగా రాయండి. చివరి నెల పేరు కూడా రాయాలి. మొదలు మాత్రమే ఇచ్చి ముగింపు ఇవ్వకపోవడం వల్ల, బాకీ తీరిన తర్వాత కూడా కోత ఆగని సందర్భాలు నేను సరిదిద్దాను. దరఖాస్తు ఇలా ఉంటే సరిపోతుంది:

«ఫలానా తేదీన నాకు మంజూరైన 50,000 వ్యక్తిగత అడ్వాన్సును పన్నెండు నెలవారీ వాయిదాలలో, ఈ నెల జీతం మొదలుకొని, మొదటి పదకొండు నెలలు 4,167 చొప్పున, చివరిదైన ఫలానా నెలలో 4,163 నా జీతం నుండి మినహాయించుకోవలసిందిగా కోరుతున్నాను. జీతం లేని సెలవు కారణంగా ఏ నెలలోనైనా నాకు అందే జీతం బాగా తగ్గితే, ఆ నెల వాయిదాను గడువు చివరకు మార్చగలరని మనవి.»

ఈ నెల జీతాల లెక్క మూసేలోపు దీన్ని అందజేయండి. ఆ తేదీ దాటితే కోత ఒక నెల ఆలస్యంగా మొదలవుతుంది, అప్పుడు మీరు రాసిన ముగింపు నెల తప్పవుతుంది. మొదటి స్లిప్ రాగానే కోసిన మొత్తంతో పాటు మిగిలిన బాకీ 45,833గా చూపారో లేదో కూడా చూసుకోండి.

ఇంకొక సభ్యుడు

నెలకు 4,167 కోసేస్తే ఆదాయం తగ్గినట్టే కదా, ఆ మేరకు పన్ను కూడా తగ్గుతుంది, కాబట్టి అసలు భారం అంత ఉండదు. అలాగే, మానేస్తే బాకీ మొత్తం పట్టుకోమని మీరు రాసి ఇవ్వనంతవరకు ఫైనల్ సెటిల్‌మెంట్‌లోంచి కంపెనీ ఏమీ తీసుకోలేదు.

పేరోల్ చూసే సభ్యురాలు

మొదటి మాట సరికాదు. మీరు సంపాదించిన జీతం తగ్గడం లేదు, అందులోంచి మీ అప్పు తీరుతోంది. అందుకే పన్ను లెక్క ఎప్పటిలాగే జరుగుతుంది, ఆ తర్వాతే ఈ కోత పడుతుంది. రెండో మాటలో కొంత నిజం ఉంది. రాతపూర్వక అంగీకారం లేకుండా జీతంలో చేయి పెట్టకూడదన్న నియమం చాలా చోట్ల ఉంది. కానీ అడ్వాన్స్ తీసుకున్న రోజు సంతకం పెట్టిన కాగితంలోనే ఆ అంగీకారం ఉండవచ్చు, దాన్ని ముందు చదవాలి.

ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన సభ్యుడు

27,200 అన్న లెక్క చూశాక పది నెలలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ దరఖాస్తులో ఒక వాక్యం లోపించింది. మానేస్తే మిగిలిన బాకీని ఫైనల్ సెటిల్‌మెంట్‌లో సర్దుకోవచ్చని ఆమె తనంతట తానే రాస్తే, పన్నెండు నెలలకు అభ్యంతరం చెప్పే కారణం మంజూరు చేసేవారికి ఉండదు.

పేరోల్ చూసే సభ్యురాలు

అక్కడే నాకు అభ్యంతరం. ఆరు వాయిదాలు కట్టాక మానేశారనుకోండి, అప్పటికి తీరింది 25,002, మిగిలింది 24,998. అంత మొత్తాన్ని చివరి నెల జీతంలోంచి ఒక్కసారిగా పట్టుకుంటే చేతికి వచ్చేది 2,202. కొత్త ఉద్యోగంలో మొదటి జీతం వచ్చేదాకా అద్దె ఎలా కడతారు? అడగని హామీని ముందుగానే ఇవ్వడం అనవసరం. వారే అడిగితే, చివరి జీతంలో సగానికి మించకుండా పట్టుకుని, మిగతాది నెలవారీగా తానే కడతానని రాయవచ్చు.

ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన సభ్యుడు

ఉద్యోగం వదిలి వెళ్ళినవారు నెలనెలా కడతారని ఏ సంస్థ నమ్ముతుందండీ? సగం పరిమితి పెట్టిన దరఖాస్తు నా ముందుకు వచ్చి ఉంటే, ఎనిమిది నెలలకు తగ్గించమని తిప్పి పంపేవాణ్ణి.

పేరోల్ చూసే సభ్యురాలు

ఎనిమిది నెలలంటే 6,250. ఆమెకు మిగిలేది 4,700. అలా మంజూరు చేస్తే రెండో నెలలోనే ఇంకో అడ్వాన్స్ కోసం మీ దగ్గరికే వస్తారు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

అడ్వాన్స్ తీసుకున్నప్పుడు సంతకం చేసిన కాగితం వెతికి చదివాను. ఉద్యోగం మానేసే సందర్భం గురించి అందులో ఏమీ లేదు. పన్నెండు నెలల దరఖాస్తు పై నమూనా ప్రకారమే రాశాను, 27,200 చూపే స్లిప్‌ను జతచేసి రేపు హెచ్‌ఆర్‌కు ఇస్తాను. సెటిల్‌మెంట్ వాక్యం మాత్రం చేర్చలేదు. వారు అడిగితే ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు, ఇలాంటి దరఖాస్తు పెట్టినవారు ఎవరైనా ఉంటే ఏమని రాశారో చెప్పగలరు.